కాలువ తల, కాలువ తోక: వరి కయ్యలో ఆర్‌బీడీ వేసి దిగుబడి లెక్క కట్టడం ఎలా

కోవూరు పక్కన ఏ వరి కయ్య గట్టు మీద నిలబడినా ఒక సంగతి కనిపిస్తుంది. తూము దగ్గర పైరు ఒక రకంగా ఉంటుంది, నీళ్ళు చివరికి చేరే మూల ఇంకో రకంగా ఉంటుంది. విత్తనం ఒకటే, ఎరువు ఒకటే, నాటిన కూలీలూ వాళ్ళే. అయినా తేడా ఉంటుంది. ఒండ్రు ఎక్కడ పేరుకుంటుంది, చౌడు ఎక్కడ తేలుతుంది, నీళ్ళు ముందు ఎవరికి అందుతాయి అన్నదాన్ని బట్టి ఆ తేడా వస్తుంది. ప్రయోగంలో మీరు కనిపెట్టాలనుకునే తేడా దీనికంటే చిన్నది కావచ్చు. అప్పుడు నేల తేడాను మందు తేడా నుంచి విడదీయాలి. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్, వాడుకలో ఆర్‌బీడీ, చేసే పని అదే.

పద్ధతి మొత్తాన్ని ఒకే ఉదాహరణ మీద చెబుతాను. నెల్లూరు డెల్టాలో రబీ వరి, నెల్లూరు మసూరిగా పిలిచే ఎన్.ఎల్.ఆర్. 34449 రకం. ప్రశ్న: జింక్ తక్కువున్న నేలలో జింక్ సల్ఫేట్ ఎంత వేయాలి, నేలకు వేయాలా, ఆకుల మీద కొట్టాలా? కింద వచ్చే దిగుబడులు లెక్క నేర్పడానికి నేను వేసుకున్న అంకెలు. వాటిని జింక్ సిఫార్సుగా తీసుకోవద్దు.

ముందు ప్రశ్న తేల్చుకోండి

ట్రీట్‌మెంట్లు ఐదు పెట్టుకుందాం. T1 అంటే జింక్ అసలు లేదు. T2 ఎకరానికి 10 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో. T3 ఎకరానికి 20 కిలోలు దమ్ములో, మన రైతులకు మామూలుగా చెప్పే మోతాదు ఇదే. T4 నేలకు ఏమీ లేకుండా లీటరుకు 2 గ్రాముల చొప్పున రెండుసార్లు పిచికారీ. T5 దమ్ములో 10 కిలోలు, పైన ఆ రెండు పిచికారీలు.

జింక్ వేయని మడి ఎందుకు, దిగుబడి పోతుంది కదా అని రైతు అడుగుతాడు. ఆ మడి లేకపోతే మిగతా నాలుగూ దేనికంటే ఎక్కువో చెప్పలేం. ఇంకొకటి, నేలలో జింక్ సరిపడా ఉంటే ఈ ప్రయోగానికి అర్థమే లేదు. మట్టి పరీక్షలో డీటీపీఏ పద్ధతిలో వచ్చే జింక్ 0.6 పీపీఎం కంటే తక్కువున్న కయ్యనే ఎంచుకోండి.

ఐదు ట్రీట్‌మెంట్లూ ఒక్కో మడి చొప్పున పక్కపక్కన ఉండే మళ్ళ గుంపును బ్లాకు అంటారు. ఐదు ట్రీట్‌మెంట్లను నాలుగు బ్లాకుల్లో వేస్తే 20 మళ్ళు. నాలుగే ఎందుకంటే, చివర్లో పొరపాటు అంచనాకు, అంటే ఎర్రర్‌కు, మిగిలే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా మారగల అంకెల సంఖ్య, (5−1)×(4−1) = 12. మూడు బ్లాకులతో సరిపెడితే 8 మాత్రమే మిగులుతాయి. 12కు తగ్గితే ఎర్రర్ అంచనా మీద నమ్మకం సన్నగిల్లుతుంది. చోటు చాలదనిపిస్తే మడి సైజు కొంచెం తగ్గించండి, లేదా ఒక ట్రీట్‌మెంట్ మానేయండి. బ్లాకులు మాత్రం తగ్గించకండి.

కయ్యను చదవడం

తాడూ మేకులూ తీసే ముందు కయ్య చుట్టూ రెండుసార్లు తిరగండి. ముందు పంట ఇంకా కోయకుండా ఉంటే అంతకంటే మంచి పటం దొరకదు. పైరు ఎక్కడ ఒత్తుగా ఉంది, ఎక్కడ పసుపు తిరిగింది, ఎక్కడ పడిపోయింది అన్నది కాగితం మీద గీసుకోండి. కోసేసి ఉంటే కొయ్యకాళ్ళు చూడండి, ఆ పైన రైతును అడగండి. "ఇక్కడ దిబ్బ పోసేవాళ్ళమయ్యా", "ఆ మూల పాత కళ్ళం", "నిరుడు ఇటు సగం మట్టి తోలాం" లాంటి మాటలు ఏ పరికరమూ చెప్పదు. దిబ్బ చోటు, కళ్ళం చోటు, చెట్టు నీడ పడే వార వదిలేయండి. అవి ఒక్క మడినో రెండు మళ్ళనో పాడుచేస్తాయి. బ్లాకు అలాంటి మచ్చల్ని సర్దలేదు. అది సర్దగలిగేది ఒక దిక్కుగా క్రమంగా మారే తేడాను.

మన ఉదాహరణలో తూము పడమట ఉంది. నీళ్ళు పడమటి నుంచి తూర్పుకు పారతాయి. తూర్పు చివర కొంచెం చౌడు. అంటే నేల తేడా పడమటి నుంచి తూర్పుకు నడుస్తోంది. తల బాగుంటుందా, తోక బాగుంటుందా అన్నది కయ్యను బట్టి మారుతుంది. మనకు కావలసింది దిక్కు ఒక్కటే.

బ్లాకు ఎటు తిరగాలి

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. బ్లాకులో ఉన్న ఐదు మళ్ళూ ఒకదానికొకటి వీలైనంత పోలి ఉండాలి. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య ఎంత తేడా ఉన్నా ఫరవాలేదు. కాబట్టి నేల పడమటి నుంచి తూర్పుకు మారుతుంటే బ్లాకు ఉత్తర-దక్షిణంగా, నీటి పారుదలకు అడ్డంగా పడుకోవాలి. తూము పక్కన మొదటి బ్లాకు, దాని తర్వాత రెండోది, మూడోది, చౌడు చివర నాలుగోది. అప్పుడు ఒక బ్లాకులోని ఐదు మళ్ళూ తూముకు ఒకే దూరంలో ఉంటాయి.

నేను మొదటిసారి వేసిన ప్రయోగంలో ఇది తలకిందులు చేశాను. నీళ్ళు పెట్టడం సులువుగా ఉంటుందని బ్లాకుల్ని పారుదల వెంబడి పొడవుగా పెట్టాను. ప్రతి బ్లాకు తల నుంచి తోక దాకా సాగింది. నాలుగు బ్లాకుల మొత్తాలూ దాదాపు ఒకటే వచ్చాయి, నేల ఎంత సమానంగా ఉందో అని సంతోషపడ్డాను కూడా. తీరా చూస్తే నేల తేడా అంతా బ్లాకు లోపల ఇరుక్కుని, ఎర్రర్‌లోకి చేరింది. ట్రీట్‌మెంట్ల మధ్య తేడా ఉందో లేదో తేల్చలేక ఒక పంట కాలం పోయింది. ఆ తప్పును లెక్కలో సరిచేసే దారి లేదు, మేకు పాతేటప్పుడే చూసుకోవాలి.

మడి ఆకారానికీ ఇదే సూత్రం. పొడవు వైపు నేల తేడా నడిచే దిక్కుకు ఉండాలి. మన మడి తూర్పు-పడమరగా 5 మీటర్లు, ఉత్తర-దక్షిణంగా 4 మీటర్లు, అంటే 20 చదరపు మీటర్లు. ఐదు మళ్ళు పక్కపక్కన, మధ్య అర మీటరు గట్లు నాలుగు: బ్లాకు పొడవు 22 మీటర్లు. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య గట్లతో కలిపి పిల్లకాలువకు మీటరున్నర. నాలుగు బ్లాకులకు 4×5 + 3×1.5 = 24.5 మీటర్లు. మొత్తం 539 చదరపు మీటర్లు, పదమూడు సెంట్ల పైచిలుకు. చుట్టూ కాపు వరసలకూ మొదటి బ్లాకు కాలువకూ కూడా చోటు చూసుకోండి.

తాడు, మేకులు, గట్లు

దమ్ము చేయడం, చదును చేయడం కయ్య మొత్తానికి ఒకేసారి ముగించండి. ఆ తర్వాతే గీతలు. ముందు ఒక వార 22 మీటర్ల తాడు బిగించి రెండు చివర్లా మేకులు కొట్టండి. మూల మట్టానికి తాడుతో 6, 8, 10 మీటర్ల త్రిభుజం వేయండి. మూల నుంచి ఒక వార 6 మీటర్లు, రెండో వార 8 మీటర్లు పెట్టి ఆ రెండు కొనల మధ్య సరిగ్గా 10 మీటర్లు వస్తే మూల మట్టం కుదిరినట్టు. నాలుగు మూలలూ అయ్యాక రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 32.93 మీటర్ల దగ్గర ఒకేలా రావాలి. బురదలో ఐదారు సెంటీమీటర్ల తేడా రావచ్చు, అరమీటరు వస్తే మళ్ళీ మొదటి నుంచి వేయండి.

గట్లు కనీసం 25 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పట్టిందంటే చిన్న గట్లు మునిగిపోతాయి, జింక్ వేసిన మడి నీళ్ళు వేయని మడిలోకి దూకుతాయి. అదే కారణంతో మడి నుంచి మడికి నీళ్ళు పారించకూడదు. ప్రతి మడికీ పిల్లకాలువ నుంచి సొంత గండి ఉండాలి. ఇది రైతుకు నచ్చదు, నీళ్ళు పెట్టే మనిషికి అసలే నచ్చదు. కానీ ఒక్కసారి గండి తప్పు చోట కొట్టినా రెండు మళ్ళు పోయినట్టే. నీళ్ళు పెట్టే మనిషిని మొదటి రోజే ప్రయోగం దగ్గరికి తీసుకెళ్ళి ఎందుకో చెప్పండి. కారణం తెలిసిన మనిషి మీకంటే జాగ్రత్తగా చూస్తాడు.

చీటీలు వేయడం

ఐదు చీటీల మీద T1 నుంచి T5 దాకా రాసి, కలిపి, ఒక్కొక్కటిగా తీయండి. వచ్చిన వరసే మొదటి బ్లాకు ఉత్తరం నుంచి దక్షిణానికి. చీటీలన్నీ మళ్ళీ డబ్బాలో వేసి రెండో బ్లాకుకు కొత్తగా తీయండి. ప్రతి బ్లాకుకూ విడిగా తీయాలి. మొదటి బ్లాకు వరసనే మిగతా మూడింటికీ దింపడం నేను చాలాసార్లు చూశాను. అలా చేస్తే T1 పక్కన ఎప్పుడూ T2నే ఉంటుంది, ఉత్తరపు గట్టు పక్కన ఎప్పుడూ ఒకే ట్రీట్‌మెంట్ ఉంటుంది. మన చీటీలు ఇలా వచ్చాయనుకుందాం:

```
         ఉత్తరం                    దక్షిణం
B1 (తల)   101:T4 102:T2 103:T1 104:T5 105:T3
B2        201:T1 202:T5 203:T3 204:T2 205:T4
B3        301:T5 302:T2 303:T3 304:T1 305:T4
B4 (తోక)  401:T4 402:T2 403:T3 404:T5 405:T1
```

మూడు బ్లాకుల్లో T3 నడి మడిలోనే పడింది. మార్చాలని చెయ్యి దురద పెడుతుంది. మార్చకండి. కంటికి నచ్చేలా సర్దడం మొదలుపెడితే, మంచి మడి మనకు నచ్చిన ట్రీట్‌మెంట్‌కు తెలియకుండానే ఇచ్చేస్తాం. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఫిషర్ ఈ పద్ధతిని రూపొందించినప్పుడు చీటీ మీద అంత పట్టు పట్టింది ఇందుకే. చీటీ వేసినందువల్లే చివర్లో వచ్చే ఎర్రర్ అంచనాను నమ్మగలం.

మేకు మీద మడి నంబరు మాత్రమే రాయండి, ట్రీట్‌మెంట్ పేరు వద్దు. పటం రెండు ప్రతులు తీసి ఒకటి ఇంట్లో ఉంచండి. వానకు తడిసి అక్షరాలు చెరిగిన ఒక్క కాగితం మీద ప్రయోగం మొత్తం ఆధారపడకూడదు.

మందు కొలత, సాగు పనులు

ఎకరానికి 20 కిలోలంటే 20 చదరపు మీటర్ల మడికి 99 గ్రాములు. 10 కిలోలంటే 49 గ్రాములు. మడి మడికీ ముందే ఇంట్లో విడివిడిగా తూచి, సంచుల మీద మడి నంబర్లు రాసుకోండి. పొలంలో పిడికిళ్ళ లెక్క పనికిరాదు. పొడి ఇసుకలో కలిపి చల్లి, ఆ మడిలోనే పారతో కలియబెట్టాలి. భాస్వరం ఎరువుతో జింక్‌ను కలపకండి, మూడు రోజులు ఎడం ఇవ్వండి. కలిస్తే జింక్ మొక్కకు అందని రూపంలోకి పోతుంది, మీరు చూసేది జింక్ ఫలితం కాకుండా పోతుంది.

పిచికారీకి ఎకరానికి 200 లీటర్ల లెక్కన మడికి లీటరు నీళ్ళు, 2 గ్రాముల మందు. నాటిన 20, 30 రోజులకు కొట్టండి. గాలి లేని ఉదయం పూట, పక్క మడి వైపు పరదా పట్టుకుని కొట్టాలి. అదే రోజు T1, T2, T3 మళ్ళకు వట్టి నీళ్ళు కొట్టండి. లేకపోతే మడిలో నడిచినందువల్ల జరిగే తొక్కుడు కొన్ని మళ్ళకే పడుతుంది.

మిగతా అన్ని పనులూ 20 మళ్ళకూ ఒకేలా జరగాలి. కానీ ఒక్క రోజులో అన్నీ పూర్తికావు, ఒక్కరే అన్నీ చేయలేరు. అప్పుడు బ్లాకుల వారీగా పంచండి. ఈ ఇద్దరు కూలీలు మొదటి బ్లాకు మొత్తం నాటుతారు, ఆ ఇద్దరు రెండోది. సాయంత్రం అయిపోతే బ్లాకు ముగించి ఆపాలి, మధ్యలో ఆపకూడదు. అలా చేస్తే నాటే చేతుల మధ్య తేడా, రోజుల మధ్య తేడా కూడా బ్లాకుల తేడాలో కలిసిపోతాయి. కోతకూ ఇదే నియమం.

కోత, తూకం

మడి అంచున మొక్కకు వెలుతురు ఎక్కువ, పక్క మడి ప్రభావమూ ఉంటుంది. అందుకే అంచులు ముందు కోసి పక్కన పెట్టేయాలి. 20×10 సెంటీమీటర్ల ఎడంలో నాటాం కాబట్టి ఉత్తర-దక్షిణ అంచుల్లో రెండేసి వరసలు, అంటే 40 సెంటీమీటర్లు, తూర్పు-పడమర కొనల్లో ఐదేసి కుదుళ్ళు, అంటే 50 సెంటీమీటర్లు వదలండి. లోపల మిగిలేది 3.2×4.0 = 12.8 చదరపు మీటర్లు. దిగుబడి తూకం దీనికి మాత్రమే.

మడి మడికీ విడి పట్టా మీద నూర్చి, తాలు తూర్పారబట్టి తూచండి. తూచిన వెంటనే తేమ కొలవండి, ఎందుకంటే పొద్దున కోసిన మడికీ మధ్యాహ్నం కోసిన మడికీ తేమ ఒకటి కాదు. అన్నింటినీ 14 శాతం తేమకు తేవాలి:

```
సరిచేసిన బరువు = తూకం × (100 − తేమ%) / 86
```

ఉదాహరణకు 104వ మడి తూకం 8.6 కిలోలు, తేమ 18 శాతం. 8.6×82/86 = 8.2 కిలోలు. అన్ని మళ్ళకూ ఇలా సరిచేశాక మన పట్టిక ఇది, కిలోల్లో:

```
        B1    B2    B3    B4   మొత్తం  సగటు
T1     6.9   6.9   5.8   5.6   25.2   6.30
T2     7.6   6.7   6.7   5.8   26.8   6.70
T3     7.8   7.7   6.7   6.8   29.0   7.25
T4     7.0   6.8   6.8   6.0   26.6   6.65
T5     8.2   7.2   6.9   6.5   28.8   7.20
మొత్తం 37.5  35.3  32.9  30.7  136.4   6.82
```

చేత్తో ఒకసారి లెక్క

కంప్యూటర్ క్షణంలో చేస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో చేయండి. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చేతికి తెలిస్తే తర్వాత తెర మీద తప్పు కంటికి తగులుతుంది.

మొత్తం 136.4ను వర్గం చేసి 20తో భాగిస్తే 930.248. దీన్ని కరెక్షన్ ఫ్యాక్టర్ అంటారు. 20 దిగుబడుల వర్గాలూ కూడితే 939.08. అందులోంచి 930.248 తీస్తే 8.832. కయ్యలో మడికీ మడికీ ఉన్న తేడా అంతా ఇదే. ఇప్పుడు దీన్ని మూడు కుప్పలుగా విడదీయాలి.

బ్లాకు మొత్తాల వర్గాలు కూడి 5తో భాగించి కరెక్షన్ ఫ్యాక్టర్ తీసేస్తే 5.200. ఇది తల-తోక తేడా. ట్రీట్‌మెంట్ మొత్తాల వర్గాలు కూడి 4తో భాగించి అదే తీసేస్తే 2.572. ఇది జింక్ తేడా. మిగిలింది 8.832 − 5.200 − 2.572 = 1.060, ఎర్రర్. ఒక్కో కుప్పను దాని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగించండి:

```
            Df   Sum Sq   Mean Sq   F value
block        3    5.200    1.7333     19.62
trt          4    2.572    0.6430      7.28
Residuals   12    1.060    0.0883
```

ట్రీట్‌మెంట్ల సగటు వర్గాన్ని ఎర్రర్ సగటు వర్గంతో భాగిస్తే వచ్చే ఎఫ్ విలువ 7.28. 4, 12 డిగ్రీలకు పట్టికలో 5 శాతం దగ్గర 3.26, 1 శాతం దగ్గర 5.41 ఉంటాయి. మనది రెండూ దాటింది, కాబట్టి ట్రీట్‌మెంట్ల మధ్య తేడా ఉంది.

ఇప్పుడు ఇవే 20 అంకెల్ని బ్లాకుల సంగతి మరచి లెక్కిద్దాం. బ్లాకు కుప్పలోని 5.200 వెళ్ళి ఎర్రర్‌లో పడుతుంది. ఎర్రర్ 6.260, డిగ్రీలు 15, సగటు వర్గం 0.4173. ఎఫ్ విలువ 0.6430/0.4173 = 1.54కు పడిపోతుంది. కావలసింది 3.06. అవే మళ్ళు, అవే తూకాలు, కానీ ఫలితం "తేడా తేలలేదు" అని వస్తుంది. కయ్యలో ఉన్న మొత్తం తేడాలో సగానికి పైగా తల-తోకలదే. అడ్డంగా వేసిన నాలుగు బ్లాకులే దాన్ని పక్కకు తీశాయి. నా మొదటి ప్రయోగంలో పోయింది సరిగ్గా ఇదే.

ఏది దేనికంటే ఎక్కువ

ఎఫ్ దాటింది కాబట్టి సగటుల్ని పోల్చవచ్చు. అందుకు క్రిటికల్ డిఫరెన్స్, మన వాళ్ళు సీడీ అనేది, కావాలి. 12 డిగ్రీలకు 5 శాతం దగ్గర టీ విలువ 2.179. కింద EMS అంటే పట్టికలోని ఎర్రర్ సగటు వర్గం, r అంటే బ్లాకుల సంఖ్య.

```
CD = t × √(2 × EMS / r) = 2.179 × √(2 × 0.0883 / 4) = 0.458
```

రెండు సగటుల మధ్య 0.458 కిలోల కంటే ఎక్కువుంటే ఆ తేడాను నమ్మవచ్చు. T3 7.25, T5 7.20: ఈ రెండూ ఒక గుంపు. T2 6.70, T4 6.65, T1 6.30 రెండో గుంపు. మొదటి గుంపులోని రెండూ రెండో గుంపులోని మూడింటినీ సీడీ దాటి మించాయి.

T2కూ T1కూ తేడా 0.40. సీడీకి కాస్త తక్కువ. దీన్ని "10 కిలోల వల్ల లాభం లేదు" అని రాయకూడదు. ఈ ప్రయోగం ఆ తేడాను తేల్చలేకపోయింది, అంతే. T3, T5 సమానమని కూడా నిరూపణ కాలేదు, వాటి మధ్య తేడా కనబడలేదు. ఆ రెండింట్లో దేన్ని ఎంచుకోవాలన్నది 10 కిలోల జింక్ ధరకూ రెండు పిచికారీల కూలీకీ మధ్య తేల్చుకోవలసిన లెక్క.

రైతుకు 12.8 చదరపు మీటర్ల లెక్క చెబితే ఏమీ అర్థం కాదు. కిలోల్ని 316.16తో గుణిస్తే ఎకరం దిగుబడి వస్తుంది. T1 1,992 కిలోలు, T3 2,292 కిలోలు, తేడా 300 కిలోలు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి 2.34 పుట్ల నుంచి 2.70 పుట్లకు వచ్చింది. సీడీ ఎకరానికి 145 కిలోలు. చిన్న మడి నుంచి పెంచిన అంకె కాబట్టి రైతు కళ్ళంలో అచ్చంగా ఇంతే రాదు, తేడాలను చూడండి.

ఎర్రర్ సగటు వర్గానికి వర్గమూలం తీసి మొత్తం సగటుతో భాగిస్తే, 0.297/6.82, సీవీ, అంటే కోఎఫిషియెంట్ ఆఫ్ వేరియేషన్, 4.4 శాతం. వరి దిగుబడి ప్రయోగాల్లో ఇది 10 దాకా ఉన్నా మామూలే. 20 దాటితే తూకాల దగ్గరో గండ్ల దగ్గరో ఏదో జరిగింది, ముందు అది వెతకండి.

కంప్యూటర్‌లో

గణాంకాల లెక్కలు చేసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఫైలులో ఒక్కో మడికి ఒక్కో వరస రాయండి:

```
plot,block,trt,yield
101,1,T4,7.0
102,1,T2,7.6
103,1,T1,6.9
```

```r
install.packages("agricolae")
library(agricolae)
d <- read.csv("zinc.csv")
d$block <- factor(d$block)
d$trt <- factor(d$trt)
m <- aov(yield ~ block + trt, data = d)
summary(m)
LSD.test(m, "trt", console = TRUE)
```

ఫలితం రాగానే ముందు చూడవలసింది ఎఫ్ కాదు, `Df` వరస. `block` పక్కన 3 ఉండాలి. 1 ఉంటే `factor` మరిచిపోయారు. అప్పుడు ఆర్ 1, 2, 3, 4లను బ్లాకుల పేర్లుగా కాక కొలతలుగా తీసుకుంది. `Residuals` పక్కన 12 ఉండాలి. లేకపోతే ఏదో మడి రెండుసార్లు పడింది, లేదా ఒకటి తప్పిపోయింది.

తర్వాత `residuals(m)` తీయండి. బ్లాకు, ట్రీట్‌మెంట్ సగటుల లెక్కన మడికి రావలసిన దిగుబడికీ నిజంగా వచ్చినదానికీ తేడా అది, దాన్నే మిగులు అంటాం. కాగితం మీది పటంలో ఏ మడి మిగులు ఆ మడిలో రాయండి. మన లెక్కలో పెద్దది 305వ మడిది, 0.39. ఎర్రర్ సగటు వర్గపు వర్గమూలం 0.30తో పోలిస్తే భయపడేదేమీ లేదు. ఎక్కడైనా 0.8, 0.9 కనిపిస్తే తూకం పుస్తకంలో ఆ మడి పుట తెరవండి. 6.8ని 8.6గా ఎక్కించడం లాంటివి ఇలాగే దొరుకుతాయి. ఉత్తరపు మళ్ళన్నీ మైనస్, దక్షిణపు మళ్ళన్నీ ప్లస్ వస్తే, మీరు గమనించని ఇంకో తేడా ఆ దిక్కున నడుస్తోందన్నమాట.

ఒక మడి పోతే

ఎలుకలు ఒక మడిని కొట్టేశాయనుకోండి. సున్నా రాయకూడదు, పక్క మళ్ళ సగటు రాయడమూ తప్పే. 302వ మడి, అంటే T2 మూడో బ్లాకు, పోయిందనుకుందాం. మిగిలిన వాటిలో బ్లాకు మొత్తం B = 26.2, ట్రీట్‌మెంట్ మొత్తం T = 20.1, అన్నింటి మొత్తం G = 129.7. బ్లాకులు r = 4, ట్రీట్‌మెంట్లు t = 5.

```
X = (r×B + t×T − G) / ((r−1)(t−1))
  = (104.8 + 100.5 − 129.7) / 12 = 6.3
```

ఈ 6.3ను ఆ గడిలో వేసి లెక్క చేసి, ఎర్రర్ డిగ్రీలను 12 నుంచి 11కు తగ్గించండి. ఆర్‌లో అయితే ఆ వరసే తీసేసి, `trt`ను `block` తర్వాత ఉంచి నడిపితే చాలు. పిచికారీ మందు మాడ్చి మడి పోయిందంటే మాత్రం అది పోయిన మడి కాదు. ఆ ట్రీట్‌మెంట్ ఫలితమే అది, వచ్చిన తూకం అలాగే రాయాలి.

ఒక కయ్యలో, ఒక రబీలో వచ్చింది ఆ కయ్యకూ ఆ రబీకే చెల్లుతుంది. రెండో ఏడు మళ్ళీ వేసేటప్పుడు అదే చోట కొత్త చీటీలతో వేయకండి. నేలకు వేసిన జింక్ రెండు మూడు పంటల దాకా నిలుస్తుంది, నిరుటి T3 మడిలో ఈ ఏడు T1 పడితే జింక్ లేని మడి అన్నది పేరుకే. పక్క కయ్యకు మారండి. లేదా పాత గట్లు కదపకుండా, కొత్తగా జింక్ వేయకుండా, అదే పటంతో రెండో పంట కోసి తూచండి, నిలిచిన జింక్ ఎంత పని చేసిందో ఆ తూకాల్లో తెలుస్తుంది.